పాత బొమ్మ వదలని మానిటర్

జూలై నెలాఖరులో ఆడిటర్ల ఆఫీసుల్లో కంప్యూటర్లకు ఊపిరాడదు. రిటర్నుల గడువు ముంచుకొస్తుంటే ఉదయం తెరిచిన ట్యాలీ కిటికీ రాత్రిదాకా తెరమీదే ఉంటుంది. కుడివైపు బటన్ల వరస, పైన అడ్డపట్టీ, కింద విండోస్ టాస్క్‌బార్ రోజంతా ఒక్క గీత కూడా కదలవు. పని ముగించి ట్యాలీ మూసి మరో ఫైలు తెరిస్తే, దాని వెనక ఇంకేదో లీలగా కనిపిస్తుంది. కుడివైపు బటన్ల అంచులు, కింద టాస్క్‌బార్ గీత నీడల్లా నిలిచి ఉంటాయి. కిటికీ మూసినా, కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా అవి పోవు.

అప్పుడు అక్కడున్న వాళ్లలో ఎవరో ఒకరు 'తెర బర్న్ అయిపోయిందండీ, ప్యానెల్ మార్చాల్సిందే' అంటారు. ప్యానెల్ ఖర్చు కొత్త మానిటర్ ఖర్చుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మానిటరే మార్చేస్తారు. నిజానికి ఆ మానిటర్ ఎల్‌సీడీ అయితే, నీడ ఆ రోజే మొదటిసారి కనిపించి ఉంటే, అది కాలిన మచ్చ అయ్యే అవకాశం చాలా తక్కువ. దాని పేరు ఇమేజ్ రిటెన్షన్. పైసా ఖర్చు లేకుండా రాత్రికి రాత్రే పోయే లోపం అది. బర్న్-ఇన్ వేరే జబ్బు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే బాగున్న తెర కూడా పాడవుతుంది. అందుకే ముందు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

తెర లోపల ఏం జరుగుతుంది

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనక ఎల్‌ఈడీ దీపాల వెలుగు ఎప్పుడూ ఉంటుంది. ముందున్న ప్యానెల్ ఆ వెలుగును ఎక్కడ ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటుంది. రెండు గాజు పలకల మధ్య కొన్ని మైక్రాన్ల సందు ఉంటుంది. మన వెంట్రుక మందంలో అది పదో వంతు కూడా ఉండదు. ఆ సందు నిండా ద్రవ స్ఫటికం అనే పదార్థం ఉంటుంది. దాని అణువులు సన్నని పుల్లల్లా ఉంటాయి. వోల్టేజి ఇస్తే ఆ పుల్లలు తిరుగుతాయి. అవి ఎంత తిరిగితే వెలుగు అంత మారుతుంది. తెరమీద ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోసం మూడు చిన్న గదులు ఉంటాయి. ప్రతి గదికీ సొంత ట్రాన్సిస్టర్, సొంత వోల్టేజి ఉంటాయి.

ఈ పుల్లలకు ప్లస్ అయినా మైనస్ అయినా ఒకటే. రెండింటికీ ఒకేలా తిరుగుతాయి. కాబట్టి ఎప్పుడూ ప్లస్సే ఇస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ అలా ఇవ్వకూడదు. ఎంత శుద్ధి చేసిన ద్రవ స్ఫటికంలోనైనా కొద్దిపాటి అయాన్లు, అంటే ఛార్జి మోసే కణాలు, మిగిలే ఉంటాయి. వోల్టేజి ఒకే దిక్కులో నిలబడితే అవి మెల్లగా గాజు వైపు జరిగి, గాజు లోపలి ముఖానికి పూసిన సన్నని పాలిమైడ్ పొర దగ్గర పేరుకుంటాయి. అందుకే మానిటర్‌లోని సర్క్యూట్ ప్రతి గదికీ ఒక ఫ్రేమ్‌లో ప్లస్, తర్వాతి ఫ్రేమ్‌లో మైనస్ ఇస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్‌లో ఈ దిక్కు సెకనుకు 60 సార్లు మారుతుంది. బొమ్మ కదలకుండా ఉన్నా లోపల వోల్టేజి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

ఆ ఊగడం సరిసమానంగా ఉన్నంతసేపు ఏ చిక్కూ లేదు. కానీ తక్కెడలో పాసంగం ఉన్నట్టు, ప్లస్ వంతుకూ మైనస్ వంతుకూ మధ్య రవ్వంత తేడా ఉండిపోతుంది. ట్రాన్సిస్టర్ మూసుకునే క్షణంలో గదిలోని వోల్టేజి కొద్దిగా కిందికి జారుతుంది. ప్లస్ వంతులోనూ మైనస్ వంతులోనూ అది ఒకే వైపు జారుతుంది. దీన్ని సరిచేయడానికి ఫ్యాక్టరీలో తెర మొత్తానికీ ఉమ్మడిగా ఉన్న ఒక వోల్టేజిని సవరించి పెడతారు. అయితే జారుడు నలుపు దగ్గర ఒకలా, బూడిదరంగు దగ్గర ఒకలా, తెర మూలల్లో మరోలా ఉంటుంది. అన్నిచోట్లా ఒకే సవరింపు పూర్తిగా సరిపోదు. మిగిలిపోయే తేడా మామూలుగా కంటికి తెలియదు. బొమ్మలు మారుతూ ఉంటే అది ఒకచోట నిలవదు కూడా. తొమ్మిది గంటలపాటు ఒకే గీత ఒకేచోట నిలిచినప్పుడు మాత్రం ఆ కొద్దిపాటి తేడా పేరుకుంటూ పోతుంది. అయాన్లు ఆ గీత ఆకారంలోనే చేరిపోతాయి.

ట్యాలీ మూసినప్పుడు సర్క్యూట్ ఆ గదులకు కొత్త బొమ్మ వోల్టేజి పంపుతుంది. లోపల పేరుకున్న ఛార్జి దానికి కొంచెం కలుపుతుంది, లేదా కొంచెం తగ్గిస్తుంది. పక్క గదులకూ వీటికీ ఆ మేరకు వెలుగులో తేడా వస్తుంది. మనం చూసే నీడ ఆ తేడాయే. లోపల ఏదీ కాలలేదు, ఏదీ అరగలేదు. చేరకూడని చోట ఛార్జి చేరిందంతే. ఆ ఛార్జికి సమయమిస్తే తిరిగి చెదిరిపోతుంది.

ఎండాకాలంలో ఈ లోపం ఎక్కువగా కనిపించడానికీ కారణం అయాన్లే. వేడిలో అవి చురుగ్గా కదులుతాయి. ఏసీ లేని గదిలో, గోడకు ఆనించిన మానిటర్‌లో, బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టిన చోట నీడ త్వరగా పడుతుంది. చూసే కోణం ఏదైనా రంగులు బాగుండే ఐపీఎస్ ప్యానెళ్లలో ఈ గుణం ఎక్కువ. ఇప్పుడు ఆఫీసు మానిటర్లలో చాలా వరకు ఇవే ఉంటున్నాయి.

బర్న్-ఇన్ అంటే అరిగిపోవడం

బర్న్-ఇన్ అనే మాట పాత డబ్బా మానిటర్ల నాటిది. సీఆర్‌టీ తెర లోపలి ముఖానికి ఫాస్ఫర్ పూత ఉండేది. ఎలక్ట్రాన్లు తగిలితే అది వెలిగేది. ఎక్కువసేపు వెలిగిన చోట పూత త్వరగా ముసలిదయ్యేది. ఏటీఎం తొలి రోజుల్లో తెర ఆపేసి ఉన్నా దానిమీద స్వాగత వాక్యం అచ్చుపడినట్టు కనిపించేది. స్క్రీన్ సేవర్లు పుట్టింది ఆ బెడద తప్పించడానికే. తర్వాత వచ్చిన ప్లాస్మా టీవీల్లోనూ ఫాస్ఫరే కాబట్టి, వాటిమీద ఛానెళ్ల లోగోలు అలాగే నిలిచిపోయేవి.

ఇప్పుడు ఆ వారసత్వం ఓలెడ్ తెరలకు వచ్చింది. ఓలెడ్‌లో వెనక దీపం ఉండదు. ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. వెలిగే పదార్థం సేంద్రియ రసాయనం. వెలిగిన ప్రతి గంటకూ దాని శక్తి కొంత తగ్గుతుంది. నీలం రంగు పదార్థం మిగతావాటికన్నా త్వరగా అలసిపోతుంది. షోరూముల్లో నెలల తరబడి ఒకే ప్రదర్శన నడిచిన ఓలెడ్ ఫోన్లలో కొన్నిటిమీద బటన్ల గుర్తులు నిలిచిపోవడం అందుకే. ఎక్కువ వెలిగిన చుక్కలు మసకబారాయి. ఆ పదార్థాన్ని తిరిగి కొత్తది చేసే మందు లేదు.

ఓలెడ్ టీవీలు, మానిటర్లు తమంతట తాము చేసుకునే ఒక సవరణ ఉంటుంది. చుక్కలు ఎంత అలసిపోయాయో కొలిచి, అలసినవాటికి కరెంటు కొంచెం పెంచి అన్నిటినీ సమానంగా చూపిస్తాయి. అరిగినది అరిగే ఉంటుంది, తేడా మాత్రం కనబడకుండా పోతుంది. కొన్ని గంటల వాడకం తర్వాత రిమోట్‌తో టీవీ ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఈ పని నడుస్తుంది. పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేసే అలవాటు మనకుంది. ఓలెడ్ విషయంలో ఆ అలవాటు మానుకోవాలి. స్విచ్ ఆపితే సవరణకు సమయం దొరకదు. ఎల్‌సీడీకి మాత్రం స్విచ్ ఆపడమే మేలు. రెండు తెరలూ ఎంత వేరో ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి.

గుర్తుపట్టడం ఎలా

ముందుగా తేల్చుకోవాల్సింది నీడ తెరలో ఉందా, కంప్యూటర్ పంపే బొమ్మలో ఉందా అన్నది. కీబోర్డు మీద `PrtSc` నొక్కి స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోనుకు పంపి ఫోన్లో చూడాలి. నీడ స్క్రీన్‌షాట్‌లో కూడా ఉంటే అది సాఫ్ట్‌వేర్ లోపం, మానిటర్ నిర్దోషి. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి, మానిటర్ మీద మాత్రం నీడ కనిపిస్తే లోపం ప్యానెల్‌లో ఉన్నట్టు.

తర్వాత ఆ నీడ ఏ రంగుమీద కనిపిస్తుందో చూడాలి. దీనికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఈ ఒక్క వాక్యం రాసి, `grey.html` అనే పేరుతో సేవ్ చేసి, బ్రౌజర్‌లో తెరిచి `F11` నొక్కితే తెరంతా మధ్యస్థమైన బూడిదరంగు పరచుకుంటుంది.

```html
<body style="background:#808080"></body>
```

`#808080` స్థానంలో `#ffffff` పెడితే పూర్తి తెలుపు, `#000000` పెడితే పూర్తి నలుపు, `#ff0000` పెడితే ఎరుపు వస్తాయి. గది లైటు తగ్గించి ఒక్కో రంగునూ కాసేపు చూడాలి.

ఎల్‌సీడీ రిటెన్షన్ బూడిదరంగు మీద బాగా కనిపిస్తుంది. పూర్తి తెలుపు మీదా పూర్తి నలుపు మీదా దాదాపు మాయమవుతుంది. నలుపు దగ్గర, తెలుపు దగ్గర వోల్టేజి కొద్దిగా మారినా వెలుగు పెద్దగా మారదు. మధ్యలో ఉన్న బూడిదరంగు దగ్గర మాత్రం వోల్టేజి రవ్వంత మారినా వెలుగు బాగా మారిపోతుంది. పేరుకున్న ఛార్జి ఇచ్చే చిన్న తేడా అక్కడే బయటపడుతుంది. తెరల నాణ్యత పరీక్షించే వాళ్లు చదరంగం బల్ల లాంటి నలుపు తెలుపు గళ్లను గంటల కొద్దీ నిలిపి, ఆ తర్వాత బూడిదరంగు పరిచి చూసేది ఈ కారణంతోనే.

ఓలెడ్ బర్న్-ఇన్ అలా దాక్కోదు. ఏ రంగు చుక్కలు అరిగాయో ఆ రంగు పరిచినప్పుడు మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. వార్తా ఛానెల్ ఎర్ర పట్టీ అరగదీసిన తెరమీద ఎరుపు పరిస్తే అక్కడ మసక పట్టీ తేలుతుంది. పూర్తి నలుపు మీద మాత్రం ఏమీ ఉండదు, ఎందుకంటే చుక్కలు వెలగడమే లేదు.

మూడోది కాలం. ఎల్‌సీడీ మీద బూడిదరంగు పరచగానే ఫోనుతో ఒక ఫొటో తీయండి. ఫోను కెమెరా ఎక్స్‌పోజర్ తాళం వేసి, అదే చోట, అదే దూరం నుంచి పావుగంట తర్వాత ఇంకొకటి తీయండి. రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. నీడ ఏ కాస్త పలచబడినా అది పోయే రకమే. కంటిని మాత్రం నమ్ముకోకూడదు. తదేకంగా చూస్తూ ఉంటే కన్ను నీడకు అలవాటు పడి, అది తగ్గకపోయినా తగ్గినట్టే అనిపిస్తుంది.

పోగొట్టే పద్ధతి

మళ్లీ ఆ ఆడిటర్ ఆఫీసుకే వద్దాం. 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్. ఉదయం పది నుంచి రాత్రి ఏడుదాకా ట్యాలీ కిటికీ ఒకేలా ఉంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఉంది, గదిలో ఏసీ లేదు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా వచ్చింది. బూడిదరంగు మీద కుడివైపు బటన్ల వరస, కింది టాస్క్‌బార్ కనిపించాయి. తెలుపు మీద కనిపించలేదు. లక్షణాలన్నీ ఇమేజ్ రిటెన్షన్‌వే.

మొదటి మందు విశ్రాంతి. మానిటర్ పవర్ బటన్ నొక్కి, గోడ స్విచ్ కూడా ఆపేయాలి. ఎంతసేపు అంటే, ఎన్‌ఈసీ సంస్థ తన మానిటర్ల మాన్యువళ్లలో సులభమైన లెక్క చెప్పింది. బొమ్మ ఎంతసేపు నిలిచిందో అంతసేపు మానిటర్ ఆపి ఉంచమంది. గంట నిలిచిన బొమ్మకు గంట, తొమ్మిది గంటలు నిలిచిన బొమ్మకు ఒక రాత్రి. ఆపి ఉన్నప్పుడు గదులన్నిటిలోనూ వోల్టేజి సున్నా అవుతుంది. పేరుకున్న అయాన్లను అక్కడే పట్టి ఉంచే బలం పోతుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అవి మెల్లగా చెదిరిపోతాయి. పలచటి నీడలు చాలావరకు ఈ ఒక్క పనితోనే తెల్లారేసరికి పోతాయి.

తెల్లారి మళ్లీ బూడిదరంగు పరచి చూడాలి. బటన్ల వరస పోయి, టాస్క్‌బార్ అంచు మాత్రం సన్నని గీతలా మిగిలిందనుకుందాం. టాస్క్‌బార్ ఒక్కరోజు నిలిచింది కాదు, మానిటర్ కొన్నప్పటి నుంచీ అక్కడే ఉంది. దానికి రెండో మందు కావాలి. బ్రౌజర్‌లో తెల్ల పేజీ `F11`తో తెరనిండా పరచి, మధ్యాహ్న భోజనం వేళ నుంచి సాయంత్రం దాకా అలాగే వదిలేయాలి. ఇప్పుడు తెరమీద ప్రతి గదికీ ఒకే వోల్టేజి అందుతుంది. పాత గీతకూ దాని పక్క భాగానికీ తేడా పెంచే పని ఆగిపోతుంది. ప్లస్, మైనస్ ఊపు నడుస్తూనే ఉంటుంది కాబట్టి అయాన్లు అన్నిచోట్లా ఒకేలా సర్దుకుంటాయి. నడుస్తున్న ప్యానెల్ గోరువెచ్చగా ఉంటుంది. అందువల్ల అవి త్వరగానే కదులుతాయి. నీడ పడేటప్పుడు శత్రువైన వేడి ఇక్కడ పనికొస్తుంది. అయితే బయటి నుంచి వేడి పెట్టకూడదు. హెయిర్ డ్రయర్ పెడితే ద్రవ స్ఫటికం వేడెక్కి తెరలో నల్లటి మరకలు లేస్తాయి. అవి చల్లారితే పోవచ్చు, కానీ ముందు అతికించిన పోలరైజర్ పొర పాడైతే తిరిగి బాగుపడదు.

తెల్ల పేజీ బదులు తెరనిండా కదిలే వీడియో వేసినా ఫర్వాలేదు. దానిమీద లోగో, ఉపశీర్షికలు, నల్లటి అంచు పట్టీలు ఉండకూడదు. ఉంటే ఒక నీడ పోగొట్టబోయి ఇంకోదాన్ని వేసినట్టవుతుంది. డెల్ మానిటర్లలో కొన్నిటిలో ఇందుకోసమే మెనూలో `LCD Conditioning` అనే సదుపాయం ఇచ్చారు. అది తెరనిండా రంగులు మారుస్తూ గంటల తరబడి నడుస్తుంది. నీడ లేత స్థాయిలో ఉన్నప్పుడే పనిచేస్తుందని కంపెనీయే చెబుతుంది.

సాయంత్రం మళ్లీ ఫొటో తీసి ఉదయపు ఫొటోతో పోల్చాలి. గీత పలచబడి ఉంటే ఆ రాత్రి మళ్లీ స్విచ్ ఆపాలి, మర్నాడు మళ్లీ తెల్ల పేజీ వేయాలి. సంవత్సరాల టాస్క్‌బార్‌ను ఒక్క పూటలో తుడవలేం. ప్రతిసారీ ఎంతో కొంత పలచబడుతుంటే దారి సరైనదే.

బ్రైట్‌నెస్ తగ్గిస్తే నీడ పోతుందని కొందరు అనుకుంటారు. ఎల్‌సీడీలో బ్రైట్‌నెస్ అంటే వెనక దీపాల వెలుగు మాత్రమే. గదిలోని వోల్టేజికీ దానికీ సంబంధం లేదు. తగ్గిస్తే వేడి తగ్గుతుంది, మళ్లీ నీడ పడకుండా కొంత సాయపడుతుంది. ఉన్న నీడను అది చెరపలేదు. తెరను వేలితో నొక్కడం, గుడ్డతో గట్టిగా రుద్దడం వల్ల ఛార్జి కదలదు, ఒత్తిడి మచ్చలు మాత్రం కొత్తగా వస్తాయి.

మెరుపుల వీడియోతో జాగ్రత్త

ఇంటర్నెట్‌లో 'స్క్రీన్ ఫిక్స్' పేరుతో నలుపు తెలుపు, రకరకాల రంగులు టపటపా మెరిసే వీడియోలు దొరుకుతాయి. అవి అసలు మొండికేసిన పిక్సెళ్ల కోసం చేసినవి. ఒకే రంగులో ఇరుక్కుపోయిన చుక్కను కదిలించడం వాటి ఉద్దేశం. ఇమేజ్ రిటెన్షన్‌కు ఇవి కొన్నిసార్లు కీడే చేస్తాయి.

60 హెర్ట్జ్ మానిటర్ మీద సెకనుకు 60 ఫ్రేములతో ఒక ఫ్రేము తెలుపు, ఒక ఫ్రేము నలుపు మారే వీడియో వేశామనుకోండి. ఐపీఎస్‌లో తెలుపుకు ఎక్కువ వోల్టేజి, నలుపుకు దాదాపు సున్నా. గదిలో ప్లస్ వంతు ఒక ఫ్రేము, మైనస్ వంతు తర్వాతి ఫ్రేము. వీడియో కూడా అదే జోరులో మారుతోంది కాబట్టి, తెలుపు వచ్చిన ప్రతిసారీ ప్లస్ వంతే, నలుపు వచ్చిన ప్రతిసారీ మైనస్ వంతే అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు ప్లస్ వైపు నిండు వోల్టేజి, మైనస్ వైపు ఏమీ లేదు. సర్క్యూట్ ఎంతో జాగ్రత్తగా కాపాడే సమతూకం పూర్తిగా తప్పిపోతుంది. ఛార్జి పేరుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. 120 హెర్ట్జ్ మానిటర్ల మీద కదలిక స్పష్టత కోసం ఫ్రేము విడిచి ఫ్రేము నలుపు చూపించే సాఫ్ట్‌వేర్లు వాడినవారికి ఈ కారణంగానే నీడలు పడుతుంటాయి.

రంగు మారడం మెల్లగా, ఒక్కో రంగు కొన్ని సెకన్లు నిలిచేలా ఉంటే ఈ ప్రమాదం లేదు. ప్రతి రంగుకూ ప్లస్, మైనస్ వంతులు రెండూ సమానంగా దక్కుతాయి. పైగా టపటపా మెరిసే తెర మూర్ఛవ్యాధి ఉన్నవారికి హాని చేయవచ్చు. నలుగురూ కూర్చునే ఆఫీసులో అలాంటి వీడియో వదిలి వెళ్లకూడదు.

ఇక ఓలెడ్ తెరకు తెల్ల పేజీ చికిత్స అసలు చేయకూడదు. ఎల్‌సీడీలో రాత్రంతా తెలుపు వేస్తే ఛార్జి సర్దుకుంటుంది. ఓలెడ్‌లో రాత్రంతా తెలుపు వేస్తే ప్రతి చుక్కా రాత్రంతా నిండుగా వెలిగి ఆ మేరకు అరుగుతుంది. ఓలెడ్‌కు దాని సొంత సవరణ చాలు. దాన్ని స్టాండ్‌బైలో వదిలి ఆ పని చేసుకోనివ్వాలి.

మళ్లీ పడకుండా

నీడ పోయాక పాత పద్ధతిలోనే పని చేస్తే వారం తిరక్కుండా అదే నీడ అక్కడే పడుతుంది. ఒకేచోట ఒకే గీత గంటల తరబడి నిలవకుండా చూడటమే నివారణ. కుర్చీలోంచి లేచినప్పుడు తెర ఆరిపోయేలా చేస్తే సగం పని అయినట్టే. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకోవచ్చు, లేదా కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా రాయవచ్చు.

```
powercfg /change monitor-timeout-ac 10
```

కరెంటు మీద నడిచే కంప్యూటర్‌లో పది నిమిషాలు ఎవరూ తాకకపోతే తెర ఆరిపోతుంది. భోజనానికి వెళ్లిన ముప్పావుగంట, ఫోన్లో మాట్లాడిన పావుగంట ప్యానెల్‌కు విశ్రాంతి అవుతుంది. బొమ్మలు తిరిగే స్క్రీన్ సేవర్ కన్నా తెర పూర్తిగా ఆరిపోవడమే ఎల్‌సీడీకి మంచిది, కరెంటూ కలిసొస్తుంది.

టాస్క్‌బార్ తనంతట తాను దాక్కునే సదుపాయం విండోస్‌లో ఉంది, అది ఆన్ చేసుకోవాలి. బ్రైట్‌నెస్‌ను కంటికి హాయిగా ఉండేంతవరకు తగ్గించాలి. మానిటర్ వెనక గాలి ఆడేలా గోడకు కొంచెం ఎడంగా జరపాలి. ఇవన్నీ చేశాక కూడా నెల చివర ఒత్తిడి రోజుల్లో లేత నీడ కనిపిస్తే గాభరా పడక్కర్లేదు, ఆ రాత్రి స్విచ్ ఆపితే సరిపోతుంది.

దుకాణాల్లో సీసీటీవీ మానిటర్ల కష్టం ఇంకా ఎక్కువ. నాలుగు గళ్ల బొమ్మ, వాటి మధ్య గీతలు, మూలన తేదీ, సమయం ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటాయి. కెమెరాల రికార్డింగ్ వేరే పెట్టెలో జరుగుతుంది కాబట్టి, దుకాణం మూశాక మానిటర్ వెలిగి ఉండాల్సిన పని లేదు. రికార్డింగ్ పెట్టెను తాకకుండా మానిటర్ స్విచ్ ఒక్కటే ఆపి ఇంటికి వెళ్లవచ్చు.

పోని నీడలూ ఉన్నాయి

ఎల్‌సీడీకి శాశ్వతమైన మచ్చ రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఏళ్ల తరబడి ఒకే బొమ్మ మోసిన తెరల్లో పాలిమైడ్ పొర స్వభావమే మారిపోవచ్చు. ద్రవ స్ఫటికపు పుల్లలను ఏ దిక్కున నిలబెట్టాలో చెప్పేది ఆ పొరే. అది పట్టు తప్పితే పుల్లలు ఆ చోట కొత్త భంగిమకు అలవాటు పడిపోతాయి. అప్పుడు చెదరగొట్టడానికి ఛార్జి లేదు, విశ్రాంతితో పని జరగదు. స్టేషన్లలో పగలూ రాత్రీ నడిచే సమాచార తెరల్లో, పాత సీసీటీవీ మానిటర్లలో ఇది కనిపిస్తుంది. ఎండ తగిలే చోట పెట్టిన తెరల్లో పోలరైజర్ పసుపెక్కడం ఇంకోరకం. దానికి గీతల ఆకారం ఉండదు, మరకలా వ్యాపిస్తుంది. తెలుపు మీదే ఎక్కువ కనిపిస్తుంది.

మూడు నాలుగు రాత్రులు స్విచ్ ఆపి, పగళ్లు తెల్ల పేజీ వేసి, ఫొటోలు పోల్చినా మొదటి ఫొటోకూ చివరి ఫొటోకూ తేడా లేకపోతే ఆ నీడ ఇక ఉండేదే. కొత్త మానిటర్ మీద గంట, రెండు గంటల వాడకానికే చిక్కటి నీడలు పడుతుంటే, అది ఫ్యాక్టరీలో సమతూకం సరిగా కుదరని ప్యానెల్ కావచ్చు. వారంటీ ఉన్నప్పుడే ఫొటోలతో సహా సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. కదలని బొమ్మ ఎక్కువకాలం ఉంచడం వల్ల వచ్చిన మచ్చకు వారంటీ వర్తించదని మాన్యువళ్లలో రాసి ఉంటుంది. కాబట్టి ఎంత తక్కువ వాడకానికి ఎంత నీడ పడుతోందో చూపించే ఫొటోలే మీ వాదనకు బలం.

సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనేవాళ్లకు ఇదంతా ఇంకా అవసరం. అమ్మేవాళ్లు సాధారణంగా రంగురంగుల ప్రకృతి దృశ్యం వేసి చూపిస్తారు. దానిమీద ఏ నీడా తెలియదు. అడిగితే తెల్ల తెర చూపిస్తారు. దానిమీదా తెలియదు. ఫోన్లో `#808080` రంగు బొమ్మ ఒకటి పెట్టుకుని వెళ్లి, దాన్ని మానిటర్ మీద తెరనిండా వేయమనండి. కింద టాస్క్‌బార్ ఉండే చోటు, పై అంచు, తేదీ సమయం ఉండే మూలలు నిదానంగా చూడండి. ఏదైనా గీత కనిపిస్తే ధర మాట్లాడకముందే ఆ మానిటర్‌ను ఒక రాత్రి ఆపి ఉంచమని అడిగి, మర్నాడు మళ్లీ వెళ్లి చూడండి. గీత పోతే నిస్సంకోచంగా కొనుక్కోండి. పోకపోతే అది ఎవరో ఒకరి ఆఫీసులో ఏళ్ల తరబడి ఒకే పని చేసి అలసిపోయిన తెర, దాన్ని అక్కడే వదిలేయండి.